‘అన్ని రకములు కుట్టబడును’: ఒక బోర్డు వెనక ఉన్న లెక్క

తెలుగు ఊళ్ళలో టైలరు దుకాణం బోర్డు దాదాపు ఒకేలా ఉంటుంది. ‘ఇచ్చట అన్ని రకముల లేడీస్ డ్రెస్సులు, జాకెట్లు, పట్టులంగాలు, స్కూలు యూనిఫాంలు కుట్టబడును. ఫాల్, పికో, ఆల్టరేషన్లు చేయబడును.’ వచ్చిన గిరాకీని వదులుకోకూడదన్న భయం ఆ అక్షరాల్లో కనిపిస్తుంది. ఆ భయం తప్పని కొట్టిపారేయలేం. అద్దె నెలనెలా కట్టాలి, గిరాకీ మాత్రం నెలనెలా ఒకేలా రాదు. కానీ ఆ బోర్డు వల్ల పోయే డబ్బు ఎంతో దుకాణంలో ఎవరూ లెక్క వేయరు. లెక్క వేస్తే ‘మా కస్టమరు ఎవరు?’ అన్న ప్రశ్నకు జవాబు చాలావరకు బిల్లు పుస్తకంలోనే దొరుకుతుంది.

అమెరికన్ మార్కెటింగ్ పండితుడు వెండెల్ స్మిత్ 1956లో రాసిన ఒక వ్యాసం తర్వాత, మార్కెట్‌ను అవసరాలను బట్టి విభాగాలుగా చూడాలన్న ఆలోచన వ్యాపార పాఠాల్లో స్థిరపడింది. అది ప్రధానంగా పెద్ద కంపెనీలకు పనికొచ్చిన ఆలోచన. ప్రకటనల డబ్బు ఎవరి మీద ఖర్చు పెట్టాలి, ఏ సబ్బు ఎవరికి అమ్మాలి అన్నవి వాళ్ళ ప్రశ్నలు. ఇద్దరు మనుషులు నడిపే టైలరు దుకాణానికి ప్రకటనల ఖర్చంటూ ఏమీ ఉండదు. దానికి కరువైనది మిషను ముందు కూర్చునే గంటలు. అందుకే చిన్న వ్యాపారంలో ‘లక్ష్య కస్టమరు’ అన్న మాటకు అర్థం మారుతుంది. ఎవరికి చెప్పుకోవాలన్నది కాదు, ఉన్న గంటలు ఎవరికి ఇవ్వాలన్నది తేల్చుకోవాలి.

జిల్లా కేంద్రం లాంటి ఒక పట్టణంలో అలాంటి దుకాణాన్ని ఊహించుకుందాం. యజమానురాలే కటింగు మాస్టరు. కుట్టడానికి మరో మనిషి ఉంది. రోజుకు ఎనిమిది గంటలు, నెలకు 26 రోజులు పనిచేస్తే ఇద్దరివీ కలిపి 416 గంటలు. కొలతలు తీసుకోవడం, మాట్లాడటం, ఇస్త్రీ, కరెంటు పోవడం, సూది విరగడం వంటి వాటికి పావు వంతు పోతుంది. నికరంగా కుట్టుకు మిగిలేవి 312 గంటలు. ఇంతకు మించి ఆ దుకాణం దగ్గర అమ్ముకోవడానికి ఏమీ లేదు. కింది అంకెలు కూడా ఈ ఊహా దుకాణానివే. ఎవరి దుకాణం అంకెలు వాళ్ళు వేసుకోవాల్సిందే.

లైనింగు జాకెట్టుకు గుడ్డ, హుక్కుల ఖర్చు పోను 350 రూపాయలు వస్తాయనుకుందాం. సగటున రెండున్నర గంటలు పడుతుంది కాబట్టి గంటకు 140 రూపాయలు. చిన్నపిల్లల పట్టులంగాకు 600 వస్తాయి కానీ కుచ్చులు, అంచు కలపడం, జాకెట్టు అన్నీ కలిపి ఆరు గంటలు, అంటే గంటకు 100. ఆల్టరేషను ఒక్కొక్కటి 30 రూపాయలు, 20 నిమిషాలు, అంటే గంటకు 90. మగ్గం పని జాకెట్టుకు కస్టమరు 3,000 ఇచ్చినా 2,200 మగ్గం కుట్టేవారికి పోతాయి. మిగిలిన 800కు నాలుగు గంటల కుట్టు, అంటే గంటకు 200. ఇక్కడ ఆపేస్తే జవాబు తేలిపోయినట్టే ఉంటుంది: మగ్గం పని పట్టుకోవాలి, పెళ్ళికూతుళ్ళ కోసం దుకాణం నడపాలి. చాలామంది ఇక్కడే ఆపేస్తారు కూడా. ఏ పట్టణంలో చూసినా బ్రైడల్ బొటిక్కులు ఒకదాని పక్కన ఒకటి లేవడానికి ఇదొక కారణం.

అయితే పై లెక్కలో ఒక లోపం ఉంది. అది వస్తువును బట్టి వేసిన లెక్క. బిల్లు పుస్తకంలో మరో గడి గీసి, ఆ జాకెట్టు తెచ్చినది ఎవరు, ఎన్నోసారి వచ్చారు, మళ్ళీ విప్పి సరిచేయాల్సి వచ్చిందా అన్నది కూడా మూడు నెలలు రాసుకుంటే బొమ్మ మారిపోతుంది.

మొదటిసారి వచ్చిన మనిషి ఆది జాకెట్టు ఇస్తుంది. ఆ ఆది ఎప్పుడో మరొకరు కుట్టినది, కొంచెం బిగుతుగా ఉంటుంది. ‘దీనికంటే కాస్త వదులుగా, మెడ మాత్రం ఇంత లోతు వద్దు, చేతులు ఇంకో అంగుళం’ అంటుంది. ఫోనులో నాలుగు మోడళ్ళు చూపిస్తుంది. అరగంట అక్కడే పోతుంది. కుట్టాక వేసుకుని చూస్తే చంక దగ్గర పడుతుంది, విప్పి మళ్ళీ కుట్టాలి. అన్నీ కలిపితే మూడుంపావు గంటలు. గంటకు 108 రూపాయల దగ్గర తేలుతుంది. ఆరోసారి వచ్చిన మనిషి జాకెట్టు గుడ్డ బల్ల మీద పెట్టి, ‘మామూలుగానే’ అని వెళ్ళిపోతుంది. ఆమె కొలతతో కత్తిరించిన కాగితపు నమూనా గోడకు వేలాడుతూ ఉంటుంది. ట్రయల్ లేదు, విప్పడం లేదు. గంటా ముప్పావులో జాకెట్టు పూర్తవుతుంది. గంటకు 200 రూపాయలు. మగ్గం పనికి వచ్చినంత.

మగ్గం పని గంటకు 200 అన్నది కూడా కాగితం మీది మాటే. మగ్గం కేంద్రానికి రెండు మూడు సార్లు తిరగడం, పూసల రంగు తేడా వస్తే మాట పడటం, ముహూర్తం ముందు రోజు రాత్రి సరిచేయడం ఆ నాలుగు గంటల్లో లేవు. పైగా ముహూర్తాలున్న నెలల్లో ఊపిరాడదు, ఆషాఢంలోనో మూఢంలోనో మిషను ఖాళీగా ఉంటుంది. పెళ్ళికూతురు సాధారణంగా రెండోసారి పెళ్ళి జాకెట్టు కుట్టించుకోదు కనుక ప్రతిసారీ కొత్త మనిషే, కొత్త కొలతలే.

అంటే ఒకే 350 రూపాయల జాకెట్టుకు రెండు ధరలు ఉన్నాయి. తేడా జాకెట్టులో లేదు, తెచ్చిన మనిషిలో ఉంది. ‘మేము జాకెట్లే కుడతాం’ అనుకున్నంత మాత్రాన దుకాణానికి లక్ష్యం ఏర్పడినట్టు కాదన్నమాట. అది సరుకును కుదించుకోవడం. కస్టమరును కుదించుకోవాలంటే ‘ఒకే రకం జాకెట్టు మళ్ళీ మళ్ళీ ఎవరికి కావాలి?’ అని అడగాలి.

ఇలాంటి చోట వ్యాపార శిక్షణల్లో తరచుగా రాయించే జవాబు ‘25 నుంచి 45 ఏళ్ళ మధ్యతరగతి మహిళలు’. ఇది జవాబులా కనిపించే ఖాళీ. పట్టణంలో చాలామంది ఆడవాళ్ళు అందులోకి వస్తారు. వాళ్ళలో ఏడాదికి రెండు జాకెట్లు కుట్టించుకునేవారు, ఇరవై కుట్టించుకునేవారు, చీరే కట్టనివారు అందరూ ఉంటారు. వయసు, ఆదాయం కనుక్కోవడం తేలిక, అందుకే అందరూ వాటినే రాస్తారు. కొనే పద్ధతిని నిర్ణయించేది మాత్రం ఆ మనిషి రోజు ఎలా గడుస్తుందన్నది.

బిల్లు పుస్తకంలో ‘మామూలుగానే’ అనే మనుషులను విడిగా రాసుకుంటే వాళ్ళలో ఏదో పోలిక బయటపడాలి. మన దుకాణంలో టీచర్లు బయటపడ్డారనుకుందాం. ఇందులో ఆశ్చర్యం లేదు. వారంలో ఆరు రోజులు చీర కట్టుకుని బయటికి వెళ్ళే ఉద్యోగాలు ఇప్పుడు కొన్నే మిగిలాయి, బడి వాటిలో ముఖ్యమైనది. మంగళగిరి, వెంకటగిరి, నారాయణపేట నేత చీరలు వంతులవారీగా కట్టుకునేవాళ్ళకు ఏడాదికి ఎనిమిది పది జాకెట్లు మామూలే. మోడల్ మారదు. మెడ మరీ లోతుగా ఉండకూడదు, చేతులు మోచేతి దాకా, నడుము దగ్గర కాస్త పొడుగు.

‘టీచర్లు’ అని రాసుకుని ఊరుకుంటే మళ్ళీ పొరపాటే. ప్రభుత్వ బడి టీచరు తన జాకెట్టుకు తానే డబ్బిస్తుంది, సమయానికి అందడం, సరిగా కుదరడం ఆమెకు ముఖ్యం. ప్రైవేటు బడుల్లో చాలాచోట్ల టీచర్లకు ఒకే రంగు యూనిఫాం చీర ఉంటుంది. అక్కడ నలభై జాకెట్లు ఒకేసారి రావచ్చు, చూడటానికి పెద్ద ఆర్డరు. బేరం ఆడేది యాజమాన్యం, వేసుకునేది టీచరు. జీతాలు తక్కువ కాబట్టి ధర విరిగిపోతుంది, నలభై మందివీ కొత్త కొలతలు, డబ్బు నెల తర్వాత. ఉద్యోగం పేరు ఒకటే అయినా వీళ్ళు రెండు వేర్వేరు గుంపులు. కస్టమరును నిర్వచించేటప్పుడు వేసుకునేది ఎవరు, డబ్బిచ్చేది ఎవరు, నిర్ణయించేది ఎవరు అని మూడు ప్రశ్నలు విడిగా అడగాలి. మూడింటికీ జవాబు ఒకే మనిషి అయితే చిన్న దుకాణానికి పని సులువు.

కాబట్టి నిర్వచనం ఇలా తయారవుతుంది: పట్టణంలో కాపురం ఉంటూ, రోజూ చీరలో బడికి వెళ్ళే, తన సొంత జీతంతో ఏడాదికి ఎనిమిదికి తగ్గకుండా సాదా లైనింగు జాకెట్లు కుట్టించుకునే టీచరు. ఇది ఎంత ఇరుకుగా ఉందంటే, దుకాణం ముందు వెళ్ళే మనిషిని చూపించి ‘ఈమె మన కస్టమరా?’ అని అడిగితే అవునో కాదో చెప్పవచ్చు. అలా చెప్పలేని నిర్వచనం ఇంకా సగంలోనే ఉన్నట్టు. ఇలాంటి ఇరుకు మార్కెట్‌కు ఆంగ్లంలో వాడే ‘నిచ్’ అనే మాటకు మూలార్థం గోడలో గూడు. పాత ఇళ్ళలో దీపం పెట్టడానికి గోడలో కట్టే గూడు లాంటిదే. దాని కొలత ఎప్పుడూ దీపానికి సరిపడా ఉంటుంది.

ఇప్పుడు అసలు భయం దగ్గరికి రావాలి. ఇంత ఇరుకు గూట్లో దుకాణం నడుస్తుందా? దీనికి ధైర్యం చెప్పడం వల్ల ఉపయోగం లేదు, తలలు లెక్కపెట్టాలి. బడుల విషయంలో అది మిగతా వ్యాపారాల కంటే తేలిక. కేంద్ర విద్యాశాఖ నడిపే యూడైస్ ప్లస్ వెబ్‌సైటులో ఏ బడి రిపోర్టు కార్డు తెరిచినా అక్కడ ఎంతమంది టీచర్లున్నారో కనిపిస్తుంది. పట్టణంలో 30 ప్రభుత్వ, ఎయిడెడ్ బడులు, బడికి సగటున ఐదుగురు మహిళా టీచర్లు అనుకుంటే 150. ప్రభుత్వ జూనియర్, డిగ్రీ కాలేజీల అధ్యాపకులు మరో 40. మొత్తం 190. వీరంతా రోజూ చీర కట్టరు. ఉదయం బడి గేటు దగ్గర రెండు మూడు రోజులు నిలబడి చూస్తే ఆ వాటా తెలిసిపోతుంది. మూడింట రెండు వంతులైతే సుమారు 125 మంది. అందులో సగం మంది ఈ దుకాణానికి వస్తారనుకోవడం కూడా ఆశే, అయినా అనుకుందాం: 60 మంది, ఏడాదికి పదేసి, 600 జాకెట్లు. నెలకు 50. జాకెట్టుకు గంటా ముప్పావు చొప్పున 88 గంటలు. మన చేతిలో 312 ఉన్నాయి. అంటే గూడు దుకాణంలో పావు వంతుకు కొంచెం మించి నింపుతుంది, అంతే.

చాలామంది ఇక్కడ నిరాశపడి పాత బోర్డుకు తిరిగి వెళ్తారు. కానీ లెక్కలోనే ఒక తప్పు దొర్లింది. టీచర్లను వాళ్ళు పనిచేసే చోట లెక్కపెట్టాం. చుట్టుపక్కల మండలాల్లో పనిచేసే టీచర్లలో చాలామంది పిల్లల చదువుల కోసం పట్టణంలోనే కాపురం ఉంటారు. ఉదయం బస్సులోనో, నలుగురైదుగురు కలిసి మాట్లాడుకున్న ఆటోలోనో ఊళ్ళకు వెళ్ళి సాయంత్రం తిరిగి వస్తారు. జాకెట్టు కుట్టించుకునేది కాపురం ఉన్నచోట. వీళ్ళను కలిపితే సంఖ్య 400 దాకా వెళ్ళిందనుకుందాం. రోజూ చీర కట్టేవారు 265, సగం అంటే 130 మంది, ఏడాదికి 1,300 జాకెట్లు, నెలకు 108, గంటల్లో 190. దుకాణం కుట్టు సమయంలో అరవై శాతం. ఇది నిలబడే గూడు. మిగతా నలభై శాతం నింపడానికి సరుకు మార్చకుండా అదే అలవాటున్న మనుషుల వైపు పక్కకు జరగవచ్చు: బ్యాంకుల్లో, జీవిత బీమా కార్యాలయాల్లో, కలెక్టరేట్‌లో చీరలో పనికి వెళ్ళేవాళ్ళు. టీచరు కోసం పట్టులంగాలు కుట్టడం కంటే బ్యాంకు ఉద్యోగిని కోసం అదే జాకెట్టు కుట్టడం ఈ దుకాణానికి మేలు.

ఆ షేరు ఆటో మరో పని కూడా చేస్తుంది. అందులో ఐదుగురు గంటసేపు పక్కపక్కన కూర్చుంటారు. ఒకరి జాకెట్టు చక్కగా కుదిరితే మిగతా నలుగురు అడుగుతారు. స్టాఫ్ రూములోనూ అంతే. కస్టమర్లు ఒకరితో ఒకరు మాట్లాడుకునే గుంపు అయి ఉండటం మంచి గూడుకు ఉండాల్సిన లక్షణం. ‘25 నుంచి 45 ఏళ్ళ మహిళలు’ ఎక్కడా కలుసుకోరు. అయితే ఈ కత్తికి రెండో వైపు కూడా పదునే. ఒకరి జాకెట్టు పాడైతే ఆ సంగతి కూడా అదే ఆటోలో తిరుగుతుంది.

మనిషి తేలాక పని ఎలా మారుతుందన్నది చూస్తే ఇరుకు నిర్వచనం విలువ తెలుస్తుంది. టీచరు రోజంతా చెయ్యి ఎత్తి బోర్డు మీద రాస్తుంది. చంక కోత బాగా కిందికి దిగితే చెయ్యి ఎత్తిన ప్రతిసారీ జాకెట్టు మొత్తం పైకి లేస్తుంది, నడుము దగ్గర జరుగుతుంది. కోతను చంకకు దగ్గరగా ఉంచి, చేతికి కాస్త ఎక్కువ వెడల్పు ఇస్తే చెయ్యి ఒక్కటే లేస్తుంది, జాకెట్టు కదలదు. కుట్టు తెలిసినవాళ్ళకు ఇది కొత్త విషయం కాదు. కానీ అందరికీ అన్నీ కుట్టే దుకాణంలో దీని మీద ఎవరూ నిలకడగా శ్రద్ధ పెట్టరు. అలాగే ఉతుకు. వారంవారం ఉతికే జాకెట్టులో నూలు లైనింగును ముందే నీళ్ళలో నానబెట్టి ఆరబెట్టకపోతే అది కుదించుకుపోయి పైగుడ్డ ముడతలు పడుతుంది. పెళ్ళి జాకెట్టుకు ఈ బాధ తెలియకుండానే కాలం గడిచిపోతుంది. లోపల కుట్ల పక్కన అంగుళం గుడ్డ వదిలితే రెండేళ్ళ తర్వాత అదే జాకెట్టును వదులు చేయవచ్చు. దుకాణం వేళలు కూడా మారాలి. ఉదయం పదకొండుకు తెరిచి ఆరింటికి మూసే దుకాణానికి టీచరు రాలేదు. సాయంత్రం ఐదు నుంచి ఎనిమిదిన్నర దాకా, ఆదివారం ఉదయం తెరిచి ఉండి, సోమవారం సెలవు పెట్టుకుంటే సరిపోతుంది.

కష్టమైన భాగం ఏమిటంటే, వచ్చిన పనిని కాదనడం. గూడు ఎంచుకున్నామంటూనే గుమ్మం ఎక్కిన ప్రతి పనీ తీసుకునే దుకాణాలే ఎక్కువ. అప్పుడు మారేది బోర్డు ఒక్కటే. కాదనడానికి ఒక వరస ఉంటుంది. మొదట ఆపాల్సింది బయటివాళ్ళ ఆల్టరేషన్లు. పాత కస్టమర్లవి మాత్రం తీసుకోవచ్చు, అవి వాళ్ళను నిలుపుకునే ఖర్చు అనుకోవాలి. తర్వాత పట్టులంగాలు, మోడల్ గౌన్లు. వీటిని పక్క వీధిలో బాగా కుట్టేవాళ్ళకు పంపితే, సాదా జాకెట్లు వాళ్ళ దగ్గరి నుంచి ఇటు రావచ్చు. మగ్గం పని టీచరు ఇంట్లో పెళ్ళికైతే తప్పదు. ‘మా అమ్మాయి పెళ్ళికి మీరే కుట్టాలి’ అని నాలుగేళ్ళ కస్టమరు అడిగితే నియమం చూపించి పంపడం తెలివితక్కువ పని. ఏదైనా ఒక్క రోజులో ఆపితే ఆ నెల అద్దెకు ఇబ్బంది వస్తుంది. ‘మామూలుగానే’ జాకెట్లు నెలకు పది పెరిగినప్పుడల్లా ఒక రకం పనిని వదులుతూ పోవడం నిదానమైన దారి.

పని సరైన దిక్కులో వెళ్తోందా అన్నది మొత్తం అమ్మకం చూస్తే తెలియదు. మొదటి రెండు నెలలు అమ్మకం తగ్గవచ్చు కూడా. చూడాల్సినది గోడకున్న నమూనా మీద కత్తిరించిన జాకెట్ల వాటా. అది వందలో ఇరవై నుంచి నలభైకి, యాభైకి పెరుగుతూ ఉండాలి. విప్పి కుట్టినవి తగ్గుతూ ఉండాలి. వచ్చినవాళ్ళు మొదట ఏమడుగుతున్నారన్నది మరో గుర్తు. ‘ఎంత తీసుకుంటారు?’ అన్న ప్రశ్న స్థానంలో ‘ఎప్పుడిస్తారు?’ అన్నది ముందుకు వస్తే దుకాణానికి ఆ గుంపులో పేరు పడినట్టు. ఆరు నెలలైనా కొత్తవాళ్ళు ఎవరి పేరూ చెప్పకుండా వస్తున్నారంటే గుంపులో మాట నడవడం లేదు. గూడు తప్పుగా ఎంచుకుని ఉండవచ్చు, లేదా కుట్టే బాగుండకపోవచ్చు. రెండోది ఎక్కువసార్లు నిజం. ఎంత బాగా నిర్వచించినా వంకర కుట్టును కస్టమరు క్షమించదు.

ఈ గూటికి ఉన్న రెండు చిక్కులు ముందే తెలిసి ఉండాలి. ఒకటి క్యాలెండరుది. తెలుగు రాష్ట్రాల్లో బడులు సాధారణంగా జూన్ రెండో వారంలో తెరుస్తారు. టీచర్లు జాకెట్ల కోసం వచ్చేది ఆ ముందు వారంలోనే, పిల్లల యూనిఫాంలు ముంచుకొచ్చేదీ అప్పుడే. వేసవి సెలవుల్లో జాకెట్ల పని తగ్గుతుంది కాబట్టి యూనిఫాంలు పూర్తిగా వదులుకోవడం కష్టం. మే నెలలో తీసుకుని జూన్ మొదటి వారానికల్లా ఇచ్చేయగలిగినవే ఒప్పుకుని, ఆ తర్వాత వచ్చినవాటిని పంపించేయడం మధ్యేమార్గం. జూన్ మొదటి వారంలో యూనిఫాంల కుప్ప కింద టీచరు జాకెట్టు ఆలస్యమైతే, ఏడాదంతా కట్టుకున్న పేరు ఆ వారంలో పోతుంది.

రెండో చిక్కు నెమ్మదిగా వచ్చేది. కొత్తగా ఉద్యోగంలో చేరుతున్న టీచర్లలో చుడీదారులో బడికి వెళ్ళేవారు పెరుగుతున్నారు. సాగే గుడ్డతో కుట్టిన రెడీమేడ్ జాకెట్లూ దుకాణాల్లో దొరుకుతున్నాయి. బదిలీల్లో ఊరు మారిన టీచరు నమూనా గోడకే ఉంటుంది, గుడ్డ కొరియరులో పంపితే కుట్టి పంపవచ్చు. చీరే మానేసిన టీచరుకు ఆ నమూనా పనికిరాదు. అందుకే ఏడాదికోసారి, జూలైలో ఏదో ఒక వారం, ఉదయం ఎనిమిదింటికి బస్టాండు దగ్గర నిలబడి ఊళ్ళకు వెళ్ళే ఆటోల్లో చీరలెన్ని, చుడీదారులెన్ని అని లెక్కపెట్టి, పోయిన ఏడాది అంకె పక్కన రాసుకోవాలి.